కరెంట్ బిల్లు ఫోటోలో లెక్క టాలీ అవ్వట్లేదా? తేడా ఎంతో చూడండి

బిల్లు ఫోటో చూసి అంకెలన్నీ రాసుకుని కూడితే కింద ఉన్న టోటల్ రావట్లేదంటే మళ్ళీ మొదట్నుంచి కూడకండి, ఎంత తేడా వచ్చిందో పక్కన రాసుకోండి, తప్పు ఎక్కడుందో చాలాసార్లు ఆ తేడానే చెప్పేస్తుంది.

ఉదాహరణకి ఒక బిల్లు అనుకుందాం. పాత రీడింగ్ 4312, కొత్తది 4492, అంటే 180 యూనిట్లు. మొదటి 100 యూనిట్లకి రేటు 3, ఆ పైన 5. కాబట్టి 300, మిగిలిన 80 యూనిట్లకి 400, వాడకం ఛార్జీ 700. ఫిక్స్‌డ్ ఛార్జీ 100, డ్యూటీ 11, పాత బకాయి 241. మొత్తం 1052.

సమస్య: 250 తక్కువొచ్చింది
కారణం: 250ని 5తో భాగిస్తే సరిగ్గా 50 యూనిట్లు, అంటే 180ని 130 అని చదివారన్నమాట. బిల్లు మడత పడ్డ చోట 8 అచ్చం 3లా కనిపిస్తుంది, అందులోనూ థర్మల్ పేపర్ అయితే ఇంక చెప్పక్కర్లేదు.
పరిష్కారం: యూనిట్ల గడిని నమ్మకుండా కొత్త రీడింగ్‌లోంచి పాతది తీసేయండి. ఫోటో మళ్ళీ తీయాలంటే కాగితం బల్లమీద సాపుగా పరిచి, ఫ్లాష్ ఆపేసి, పక్కనుంచి వెలుతురు పడేలా తీయండి.

సమస్య: 200 ఎక్కువొచ్చింది
కారణం: 180 యూనిట్లనీ 5తోనే గుణించేశారు. మొదటి 100 యూనిట్ల మీద యూనిట్‌కి 2 చొప్పున ఎక్కువ పడింది, అదే ఈ 200.
పరిష్కారం: స్లాబ్‌లవారీగా విడగొట్టండి. కాకపోతే కొన్ని టారిఫ్‌ల్లో హద్దు దాటితే మొత్తం యూనిట్లకీ పై రేటే వేస్తారు, అప్పుడు బిల్లు మీదే వాడకం ఛార్జీ 900 అని ఉంటుంది, అలా ఉంటే తప్పు మీది కాదు. రెండు నెలలకి కలిపి రీడింగ్ తీసినా స్లాబ్ హద్దులు మారొచ్చు, అందుకే బిల్లులో ఎన్ని రోజులకి వేశారో కూడా చూస్కోండి.

సమస్య: 241 తక్కువొచ్చింది
కారణం: ఏ రేటుతో భాగించినా పూర్తి యూనిట్లు రావట్లేదు, కాబట్టి యూనిట్ల గొడవ కాదు, బకాయి వదిలేశారు.
పరిష్కారం: "ఈ నెల" మొత్తం 811 ఒక గడిలో, బకాయి ఇంకో గడిలో రాసుకోండి. బకాయిని స్లాబ్ లెక్కలోకి అస్సలు లాగొద్దు. దాని పక్కన మైనస్ గానీ సీఆర్ గానీ ఉంటే అది మనకే రావాల్సిన డబ్బు, కలపకుండా తీసేయాలి. పోయిన బిల్లు ఆల్రెడీ కట్టేసినా బకాయి చూపిస్తోందంటే కట్టిన తేదీ, ఈ బిల్లు తీసిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి, డబ్బు అకౌంట్‌లో ఎక్కేలోపే బిల్లు ప్రింట్ అయ్యి ఉండొచ్చు.

ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం యూనిట్లతో మారదు, చాలాచోట్ల లోడ్ కిలోవాట్‌కి ఇంత అని వేస్తారు. లోడ్ 2, రేటు 50 అయితే 100. ఈ గుణింతం కుదరకపోతే లోడ్ అంకెని జూమ్ చేసి చూడండి, 2కి 7కి ఫోటోలో పెద్ద తేడా తెలీదు.