ఇంటి లోన్, పన్ను లెక్క – 4వ పాఠం: ఇద్దరి పేర్ల మీద ఇల్లుంటే

గత పాఠంలో ఒక్కరి పేరు మీదున్న ఇంటికి లెక్క వేశాం. సొంతంగా ఉంటున్న ఇంటికి పాత పన్ను విధానంలో వడ్డీ మీద సెక్షన్ 24(బి) కింద ఏడాదికి 2,00,000 దాకా, అసలు మీద 80సి కింద 1,50,000 దాకా మినహాయింపు ఉంటుందని చూశాం. ఈ పరిమితులు ఇంటికి కాదు, మనిషికి. ఈ పాఠమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి, 2025-26 ఆర్థిక సంవత్సరం రిటర్నుకు ఇవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి ఏడాదికి నంబర్లు వేరుగా ఉంటాయి.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరూ పాత విధానంలోనే ఉన్నారు అనుకుందాం. కట్టడం పూర్తయిన ఫ్లాట్ కొని అందులోనే ఉంటున్నారు. లోన్ 50 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 43,391 అవుతుంది. మొదటి పన్నెండు నెలల్లో కట్టేదాంట్లో వడ్డీకే దాదాపు 4,21,000 పోతుంది, అసలు తగ్గేది 99,500 మాత్రమే.

ఇల్లు, లోన్ భర్త ఒక్కడి పేరు మీదే ఉంటే వడ్డీలో 2,00,000 మాత్రమే లెక్కలోకి వస్తుంది. మిగతా 2,21,000కి ఏ ప్రయోజనమూ ఉండదు. అదే ఇల్లు ఇద్దరికీ చెరి సగం అయితే ఒక్కొక్కరి వాటా వడ్డీ 2,10,500. ఇద్దరూ తలా 2,00,000 చూపిస్తే మొత్తం 4,00,000కి మినహాయింపు దొరుకుతుంది. అసలులో తలా 49,750 వాళ్ల వాళ్ల పీఎఫ్, ఇన్సూరెన్స్ ప్రీమియంలతో కలిసి 80సిలో చేరుతుంది. పీఎఫ్‌తోనే 1,50,000 నిండిపోయినవాళ్లకు అసలు వల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు. చాలామంది ఇది చూసుకోకుండా రెండూ కూడేసుకుంటారు.

ఇప్పుడు వాటా 70:30 అనుకోండి. భర్త వాటా వడ్డీ 2,94,700, కానీ 2,00,000 దగ్గర ఆగిపోతుంది. భార్య వాటా 1,26,300 మొత్తం వస్తుంది. కలిపి 3,26,300. భర్తకు మిగిలిన 94,700ను భార్య తన పరిమితిలో ఖాళీ ఉంది కదా అని తీసుకోకూడదు. అది ఆమె వాటా వడ్డీ కాదు. అందుకే వాటాలు రిజిస్ట్రేషన్ రోజునే ఆలోచించుకోవాలని గట్టిగా చెబుతాను. దస్తావేజు రాసేశాక వాటా మార్చాలంటే మళ్లీ దస్తావేజు, మళ్లీ ఖర్చు.

మినహాయింపు అడగాలంటే మూడు ఉండాలి: సేల్ డీడ్‌లో పేరు, లోన్‌లో పేరు, తన డబ్బుతో కట్టిన ఆధారం. ఎక్కువగా తేడా కొట్టేది మొదటిదే. లోన్ అర్హత పెరుగుతుందని బ్యాంకు భార్యను సహ రుణగ్రహీతగా చేర్చుకుంటుంది, సేల్ డీడ్ మాత్రం భర్త పేరు మీదే ఉంటుంది. ఆమె జీతంలోంచి ప్రతి నెలా సగం ఈఎంఐ వెళ్తున్నా ఆమెకు మినహాయింపు రాదు, ఎందుకంటే ఇంటి యజమాని ఆమె కాదు. డీడ్‌లో పేరుండి లోన్‌లో లేకపోయినా చిక్కే.

ఇక కట్టడం. ఈఎంఐ భర్త ఖాతా నుంచే పోతుంటే, భార్య తన సగాన్ని ప్రతి నెలా ఆ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపాలి. నోటీసు వస్తే చూపించేది ఆ స్టేట్‌మెంట్లే. యాజమాన్యం వాటా, లోన్‌లో వాటా, కట్టే వాటా ఒకే నిష్పత్తిలో ఉంచుకుంటే వాదనకు చోటుండదు. డీడ్‌లో వాటాలు రాయకపోతే ఎవరు ఎంత డబ్బు పెట్టారో దాన్నిబట్టి వాటా చూస్తారు, అదీ తేలకపోతే సమానమనుకుంటారు. ఆ అనుమానం ఎందుకు, డీడ్‌లోనే శాతం రాయించండి.

బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ ఉంటాయి, మొత్తం మాత్రం ఒక్కటే, 4,21,000. దాన్ని ఇద్దరూ తమ తమ ఆఫీసుల్లో ఇస్తే ఇద్దరికీ పూర్తి వడ్డీ రాసేస్తారు. వాటా 70:30 అయినా ఇద్దరికీ 2,00,000 పడిపోతుంది, భార్యకు 73,700 ఎక్కువ. కాబట్టి సర్టిఫికెట్‌తో పాటు వాటా ఎంతో రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఇవ్వండి.

మరొకటి. ఎవరి పన్ను విధానం వారిదే. కొత్త విధానం తీసుకున్నవారికి సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకీ, 80సికీ మినహాయింపు లేదు. భార్య కొత్త విధానంలో ఉంటే ఆమె వాటా అంతటితో పోయినట్టే, భర్త వాటాలో కలవదు. విధానం ఎంచుకునే ముందు ఇద్దరి లెక్కలూ పక్కపక్కన వేసి చూడండి.

అభ్యాసం: ఏడాది వడ్డీ 3,60,000. అన్నదమ్ముల వాటా 60:40, ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు, ఇద్దరిదీ పాత విధానం. ఎవరికి ఎంత వస్తుంది? తమ్ముడు కొత్త విధానానికి మారితే అన్న ఎంత చూపించవచ్చు? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. అందులో ఇదే ఇంటిని అద్దెకిస్తే లెక్క ఎలా మారుతుందో చూద్దాం.