చెల్లింపు విఫలమైతే కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికే ముందు

యూపీఐలో చెల్లింపు విఫలమై ఖాతాలో డబ్బు మాత్రం తగ్గినప్పుడు, చాలామంది యాప్ పేరు పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అని చేర్చి గూగుల్‌లో వెతుకుతారు. మోసగాళ్లు కాచుకొని ఉండేది అక్కడే. డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనల్లోనూ, మ్యాప్‌లో బయటివారు సైతం మార్పులు సూచించగలిగే వివరాల్లోనూ తమ నంబర్లను చొప్పించి ఉంచుతారు.

కరెంటు బిల్లు 1,460 రూపాయలు ఇలా మధ్యలో ఆగిందనుకుందాం. ఫోన్ ఎత్తిన వ్యక్తి మర్యాదగా వివరాలు రాసుకొని, రీఫండ్ విభాగం వారు మీకే ఫోన్ చేస్తారని చెప్పి పెట్టేస్తాడు. కాసేపటికి వచ్చే ఆ రెండో కాల్‌లోనే అసలు పని జరుగుతుంది. “సర్, మీ రీఫండ్ కోడ్ చెబుతున్నాను, కొట్టండి: నాలుగు, ఎనిమిది, ఏడు, ఆరు, సున్నా” అంటాడు. ‘నలభై ఎనిమిది వేలు’ అని మాత్రం పొరపాటున కూడా అనడు, ఎందుకంటే ఆ అంకెలు కొట్టించే గడి పంపవలసిన మొత్తాన్ని వేసే గడి. పిన్ నొక్కగానే 48,760 రూపాయలు వెళ్లిపోతాయి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికీ, నిల్వ చూసుకోవడానికీ అవసరం తప్ప, డబ్బు అందుకోవడానికి ఎన్నడూ అవసరం లేదు. కొందరు ఈ కోడ్ నాటకం బదులు ఎనీడెస్క్ వంటి తెర పంచుకునే యాప్‌నో, వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైల్‌నో, అంటే ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్‌నో, వేయిస్తారు.

నిజానికి ఆ 1,460 రూపాయల కోసం ఎవరికీ ఫోన్ చేయనక్కరలేదు. రిజర్వు బ్యాంకు 2019 నిబంధనల ప్రకారం, వ్యక్తికి పంపినది జమ కాకపోతే మరుసటి రోజులోగా, వ్యాపార చెల్లింపు నిర్ధారణ కాకపోతే అయిదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది. ఆగలేకపోతే, అదే యాప్‌లో ఆ లావాదేవీని తెరిచి అక్కడే ఫిర్యాదు నమోదు చేయాలి. బ్యాంకు నంబరు కావాలంటే డెబిట్ కార్డు వెనక ఉంటుంది.

ఈ సహజమైన వాపసు మోసగాడికే ఉపయోగపడటం విడ్డూరం. మర్నాడు 1,460 జమ కాగానే, అది అతని చలవేనని బాధితుడు నమ్ముతాడు. “పెద్ద మొత్తం కూడా ఇలాగే వస్తుంది, ఇంకొక్కసారి కోడ్ కొట్టండి” అన్నప్పుడు మళ్లీ కొడతాడు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ప్రభుత్వ సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య చెప్పి, cybercrime.gov.in లో కూడా నమోదు చేయాలి. ఆ మొత్తం మరో ఖాతాలోకి మారకముందే నిలిపివేయించగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. తెర పంచుకునే యాప్ వేసి ఉంటే, ముందు ఇంటర్నెట్ ఆపి, ఫిర్యాదు వేరే ఫోన్ నుంచి చేయాలి. తరువాత కొన్ని రోజులకు, సైబర్ విభాగం నుంచి మాట్లాడుతున్నామని, నిలిపిన డబ్బు విడిపించడానికి రుసుము కట్టాలని ఎవరైనా అంటే, అది మొదటి ముఠా చేతిలోని మీ వివరాలతో ఆడుతున్న మూడో కాల్ కావచ్చు. పోలీసులు అందుకు రుసుము అడగరు.