సెంట్రిఫ్యూజ్ లెక్కలు – 3వ పాఠం: దిల్‌సుఖ్‌నగర్ మెషిన్‌లో 3000, అమీర్‌పేట మెషిన్‌లో 3000 ఒకటేనా?

మెషిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేది ఆర్‌పీఎం, ఆ తిరుగుడుకు ట్యూబులోని కణాల మీద పడే బలం జీ అని పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఒక మెషిన్‌కు రాసిన పద్ధతిని ఇంకో మెషిన్‌కు మార్చుదాం.

ఒక ల్యాబ్ ఉందనుకోండి. మెయిన్ ల్యాబ్ అమీర్‌పేటలో, కలెక్షన్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో. పీటీ, ఏపీటీటీ పరీక్షలకు నీలం మూత సిట్రేట్ ట్యూబులో రక్తం తీస్తారు. మెయిన్ ల్యాబ్ గోడ మీద అంటించిన కాగితంలో "3000 ఆర్‌పీఎం, 15 నిమిషాలు" అని ఉంది. దాన్నే ఫొటో తీసి కలెక్షన్ సెంటర్‌కు పంపారు. అక్కడున్నది చిన్న టేబుల్ మెషిన్.

ఇక్కడే తేడా వస్తుంది. నుమాయిష్‌లో రంకులరాట్నం ఎక్కితే బయటి వరసలో కూర్చున్నవాళ్లను ఎక్కువ బలంగా బయటికి నెట్టినట్టు ఉంటుంది, లోపలి వరసలో తక్కువ. చుట్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. రోటర్‌లోనూ అంతే, వ్యాసార్థం లేకుండా ఆర్‌పీఎం ఒక్కటే చెబితే బలం తెలియదు.

```
RCF = 0.00001118 × r × RPM × RPM
RPM = √( RCF ÷ (0.00001118 × r) )
```

ఇక్కడ RCF అంటే జీలలో బలం, r అంటే వ్యాసార్థం, అది సెంటీమీటర్లలో ఉండాలి. మిల్లీమీటర్లలో వేస్తే RCF పది రెట్లు పెరిగిపోతుంది. రోటర్ మీద గానీ మాన్యువల్‌లో గానీ r ఉంటే అదే తీసుకోండి. లేకపోతే మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, స్కేలుతో కొలవండి. స్వింగ్ రోటర్ అయితే బకెట్‌ను చేత్తో అడ్డంగా ఎత్తి పట్టుకుని, మధ్య ఇరుసు నుంచి ట్యూబు అడుగు దాకా కొలవాలి. బకెట్ కిందికి వేలాడుతుండగా కొలిస్తే r తక్కువ వస్తుంది, తిరిగేటప్పుడు అది ఉండే స్థితి అది కాదు.

మన రెండు మెషిన్లలో కొలతలు ఇలా వచ్చాయనుకుందాం: అమీర్‌పేటలో 15 సెం.మీ., దిల్‌సుఖ్‌నగర్‌లో 9 సెం.మీ.

అమీర్‌పేటలో 0.00001118 × 15 × 3000 × 3000, అంటే దాదాపు 1,509 జీ. ఈ పరీక్షలకు మామూలుగా చెప్పే 1,500 జీకి సరిపోయింది. అదే 3000 దిల్‌సుఖ్‌నగర్‌లో 906 జీ మాత్రమే ఇస్తుంది. అక్కడ 1,500 జీ కావాలంటే:

```
√( 1500 ÷ (0.00001118 × 9) ) = 3861
```

వందల చొప్పున సెట్ చేసే మెషిన్ అయితే 3900 పెట్టండి, 1,530 జీ వస్తుంది. ఆర్‌పీఎం వర్గం అవుతుంది కాబట్టి చుట్లు 30 శాతం పెంచితే బలం దాదాపు 70 శాతం పెరిగింది. "కాస్త స్పీడ్ పెంచితే చాలు" అని అంచనాతో తిప్పే అలవాటు అందుకే మంచిది కాదు.

906 జీతో తీసినా ప్లాస్మా పైకి పసుపుగా, శుభ్రంగానే కనిపిస్తుంది. ప్రమాదం అదే. ఎర్రకణాలు దిగిపోతాయి, చిన్నవైన ప్లేట్‌లెట్లు పైనే మిగిలిపోవచ్చు. ఆ ప్లాస్మాను ఫ్రీజ్ చేసి కరిగిస్తే ప్లేట్‌లెట్లు పగిలి, వాటిలోని పదార్థాలు ప్లాస్మాలో కలుస్తాయి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నా లేనట్టు చూపవచ్చు. హెపారిన్ వాడే రోగి ఏపీటీటీ తగ్గి కనిపించవచ్చు. కంటికి తెలియదు కాబట్టి ప్లాస్మాను సెల్ కౌంటర్‌లో పెట్టి ప్లేట్‌లెట్లు లెక్కించాలి. మైక్రోలీటరుకు 10,000 కన్నా తక్కువ ఉంటే పద్ధతి పని చేసినట్టు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ చిన్న మెషిన్ 3500 దాటి తిరగదనుకోండి. అప్పుడు వచ్చేది 1,233 జీ. బలం తగ్గిన మేరకు సమయం పెంచుతాం: 1500 × 15 = 22,500, దాన్ని 1,233తో భాగిస్తే 18 నిమిషాలు దాటుతుంది, కాబట్టి 19 పెట్టి చూడండి. ఇది మొదటి అంచనా మాత్రమే. కణాలు అడుగుకు దిగే ఇలాంటి పనికి దగ్గరగా వస్తుంది గానీ, ట్యూబులో రక్తం ఎంత ఎత్తున ఉంది, స్వింగ్ రోటరా, వాలు రోటరా అన్నదాన్ని బట్టి మారుతుంది. కొన్ని నమూనాల్లో ప్లేట్‌లెట్ కౌంట్ చూశాకే రోజువారీ వాడకానికి పెట్టుకోండి. సాంద్రత పొరల మీద కణాలను వేరు చేసే పద్ధతులకు ఈ సమయం లెక్కను వాడకండి. రోటర్, బకెట్, ట్యూబుల మీద రాసిన గరిష్ఠ వేగాన్ని మాత్రం ఏ లెక్క కోసమూ దాటకూడదు.

మీ మెషిన్‌లో RCF బటన్ ఉంటే ఈ లెక్క అదే చేస్తుంది, కానీ అందులో ఎంచుకున్న రోటర్ నంబరును బట్టి చేస్తుంది. రోటర్ మార్చి నంబరు మార్చకపోతే తెర మీద కనిపించే జీ తప్పు.

అభ్యాసం: r 17.5 సెం.మీ. ఉన్న మెషిన్‌లో 1,500 జీకి ఎంత ఆర్‌పీఎం కావాలి? దాదాపు 2,770 రావాలి. తర్వాతి పాఠంలో వాలు రోటర్‌లో ట్యూబు పైభాగానికీ అడుగుకూ బలం ఎంత తేడా ఉంటుందో లెక్కిద్దాం.