పదవీ విరమణ తర్వాత ఏ పొదుపులోంచి ముందు డబ్బు తీయాలి?

ప్రైవేటు సంస్థల్లో పనిచేసి విరమణ పొందిన మిత్రుల లెక్కలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఒక ఖాతాను పూర్తిగా ఖాళీ చేసి, ఆ తర్వాతే మరో ఖాతా జోలికి వెళతారు. అలా చేస్తే పన్ను లేకుండా లాభం తీసుకునే వీలు కొన్ని సంవత్సరాల్లో వాడకుండానే పోతుంది, మరికొన్ని సంవత్సరాల్లో అనవసరంగా పన్ను కట్టాల్సి వస్తుంది. ఏ ఖాతా ముందు, ఏ ఖాతా తర్వాత అన్నది జీవితంలో ఒక్కసారి తేల్చుకుని వదిలేసే విషయం కాదు. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ విడిగా నిర్ణయించుకోవాలి. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానానికి సంబంధించినవి.

విజయవాడలో ఉంటున్న అరవై ఏళ్ల విశ్రాంత ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. ఇంటి ఖర్చు నెలకు 60,000 రూపాయలు, అంటే ఏడాదికి 7,20,000. పీఎఫ్ సొమ్ము 30 లక్షలు, బ్యాంకు డిపాజిట్లు 10 లక్షలు, పీపీఎఫ్‌లో 18 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 25 లక్షలు ఉన్నాయి. పీఎఫ్ పింఛను నెలకు 4,000 వస్తుంది.

తొలి దశలో ఆలోచించాల్సింది పెద్దగా లేదు. అయిదేళ్లకు పైగా సర్వీసు ఉంటే పీఎఫ్ మొత్తం పన్ను లేకుండా చేతికి వస్తుంది, దాన్ని తీసేయండి. అక్కడ వడ్డీ బాగుంది కదా అని ఉంచేవారు ఉన్నారు. అయితే ఉద్యోగం ముగిసిన తర్వాత జమయ్యే వడ్డీ పన్ను పరిధిలోకి వస్తుందని వారు మరిచిపోతారు. ఆ 30 లక్షలను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టాలి. ఒక్కరికి పరిమితి అంతే. 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000 వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. అందులో కొంత భార్య పేరున వేస్తే పన్ను తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. భర్త ఇచ్చిన సొమ్ముపై వచ్చే వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది.

ఇప్పుడు ఈయన ఏడాది రాబడి చూద్దాం. స్కీము వడ్డీ 2,46,000, బ్యాంకు వడ్డీ ఏడు శాతం చొప్పున 70,000, పింఛను 48,000 కలిపితే 3,64,000. ఇంకా 3,56,000 కావాలి. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది, మనవాళ్లు తడబడేది కూడా ఇక్కడే.

12 లక్షల వరకు పన్ను లేదన్న మాట అందరి నోటా వినిపిస్తుంది. నిజానికి చట్టం పన్ను లేదని చెప్పినది మొదటి 4 లక్షలకే. ఆపై 12 లక్షల వరకు పడే పన్నును సెక్షన్ 87ఏ కింద రిబేటుగా మాఫీ చేస్తున్నారు. ఈ రిబేటు వడ్డీకి, పింఛనుకు వర్తిస్తుంది కానీ, ఈక్విటీ ఫండ్లు అమ్మితే వచ్చే మూలధన లాభానికి వర్తించదు. ఏడాదికి పైగా ఉంచిన ఈక్విటీ ఫండ్లపై లాభంలో 1,25,000 దాటిన భాగానికి 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ కట్టాలి. అయితే మన దేశంలో నివాసం ఉండేవారికి ఒక వెసులుబాటు ఉంది. ఇతర ఆదాయం 4 లక్షలకు తక్కువగా ఉంటే, ఆ మిగిలిన ఖాళీని కూడా ఈ లాభానికి వాడుకోవచ్చు.

మన ఉదాహరణలో పింఛను 48,000 మొత్తం, పింఛనుదారులకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌లోనే కరిగిపోతుంది కాబట్టి, లెక్కకు వచ్చే ఇతర ఆదాయం వడ్డీ 3,16,000 మాత్రమే. 4 లక్షలకు ఇంకా 84,000 ఖాళీ ఉంది. దానికి 1,25,000 కలిపితే, ఈ ఏడాది 2,09,000 వరకు లాభం పన్ను లేకుండా తీసుకోవచ్చు. ఈ సంఖ్యను కాగితం మీద రాసుకున్న తర్వాతే అమ్మకం గురించి ఆలోచించాలి. వడ్డీయే 4 లక్షలు దాటినవారికి మాత్రం 1,25,000 ఒక్కటే మిగులుతుంది.

అమ్మిన మొత్తం వేరు, అందులోని లాభం వేరు. ఫండులో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్లు లెక్కిస్తారు. పాత యూనిట్లలో లాభం ఎక్కువగా ఉంటుంది కాబట్టి మొత్తం పెట్టుబడి సగటు చూసి లెక్క కడితే తప్పుతుంది. ఈయన పాత యూనిట్లలో ప్రతి వంద రూపాయల్లో 60 లాభం అనుకుందాం. 3,48,000 విలువైన యూనిట్లు అమ్మితే లాభం 2,08,800 అవుతుంది, పన్ను సున్నా. మిగిలిన 8,000 బ్యాంకు నుంచి తీసుకుంటే సరిపోతుంది.

ఈ లెక్క వేయకుండా అమ్మితే ఏమవుతుందో నాకు తెలిసిన ఒకాయన విషయంలో చూశాను. వడ్డీలు దాదాపు ఇంతే, ఫండ్లు 10 లక్షలవి ఒకేసారి అమ్మారు, అందులో లాభం 6 లక్షలు. మొత్తం ఆదాయం 9,16,000 కాబట్టి, 12 లక్షల లోపే ఉన్నామని ధీమాగా ఉన్నారు. రిటర్ను నింపేటప్పుడు 50,830 కట్టాలని తేలింది. 6 లక్షల్లో 2,09,000 తీసేస్తే మిగిలే 3,91,000 పైన 12.5 శాతం 48,875, దానికి సెస్ కలిపితే సరిగ్గా అంతే. అదే అమ్మకాన్ని మూడు ఆర్థిక సంవత్సరాలకు పంచి ఉంటే ఒక్క రూపాయి కూడా కట్టాల్సి వచ్చేది కాదు. ఆ కాగితం ముందు పెట్టుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఈ ఒక్క దశ దగ్గర ఆపి, కూర్చోబెట్టి మరీ లెక్క వేయిస్తున్నాను.

సిప్ ద్వారా కొన్నవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. ప్రతి వాయిదాకూ పన్నెండు నెలలు విడివిడిగా పూర్తి కావాలి. కానివాటి లాభంపై పన్ను 20 శాతం, దానికి 1,25,000 మినహాయింపు ఉండదు. ఫండ్ల రికార్డులు నిర్వహించే కేఫిన్‌టెక్, క్యామ్స్ సంస్థల వెబ్‌సైట్ల నుంచి మూలధన లాభాల పట్టికను తెచ్చుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. స్వల్పకాలిక లాభం అన్న గడిలో ఏ అంకె ఉన్నా, ఎక్కడో తొందరపడ్డారని అర్థం. 2018 జనవరి 31 వరకు కొన్న యూనిట్లకు కొనుగోలు ధర లెక్కించే పద్ధతి వేరు. కాబట్టి సొంతంగా కూడికలు వేయకుండా ఆ పట్టికలోని అంకెనే తీసుకోండి.

నేను అమ్మకాన్ని మార్చి రెండో వారంలో పెట్టుకోమంటాను. అప్పటికి ఏడాది వడ్డీ ఎంత వస్తుందో దాదాపు తేలిపోతుంది. చివరి రోజు వరకు ఆగితే, ఆ రోజు ధర ఆ ఏడాదికి వర్తించకపోయే ప్రమాదం ఉంది. మార్చి 31 దాటితే ఆ ఏడాది వెసులుబాటు పోయినట్లే, దాన్ని తర్వాతి ఏడాదికి మోసుకెళ్లే వీలు లేదు. మార్కెట్ బాగా పడిపోయిన ఏడాది మాత్రం ఫండ్లు ముట్టుకోకుండా బ్యాంకు డిపాజిట్ వాడండి. తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు అమ్మేస్తే, మార్కెట్ కోలుకున్నప్పుడు పెరగడానికి చేతిలో యూనిట్లు మిగలవు. నేను డిపాజిట్లలో కనీసం ఒక ఏడాది ఖర్చు ఎప్పుడూ ఉండాలని పట్టుబట్టేది అందుకే.

ఇతర ఆదాయం, లాభం కలిపి 4 లక్షలు దాటాయి కాబట్టి, పన్ను సున్నా అయినా రిటర్ను తప్పనిసరి. లాభం 1,25,000 మించినందున ఐటీఆర్-2 నింపాలి.

పీపీఎఫ్ చివరిది. దాని వడ్డీ పన్నుకే రాదు, పై 4 లక్షల ఖాళీని కూడా తినదు కాబట్టి, ఎంత ఆలస్యంగా ముట్టుకుంటే అంత లాభం. పదిహేనేళ్లు నిండాక కొత్తగా డబ్బు కట్టకుండా కొనసాగిస్తే, ఏడాదికి ఒక్కసారి ఎంత కావాలంటే అంత తీసుకోవచ్చు. వైద్యం వంటి పెద్ద ఖర్చు వచ్చినా, ఫండ్ల లాభం 2,09,000 హద్దు దాటాల్సి వచ్చినా అప్పుడే దీని జోలికి వెళ్లండి. ఒక నెలలో 5వ తేదీ ముగింపు నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వపైనే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు. అత్యవసరం కాకపోతే నెల చివరి వారంలో తీయకుండా వచ్చే నెల 1వ తేదీ వరకు ఆగండి, అప్పటికే గడిచిన నెల వడ్డీ మీ లెక్కలో పడిపోయి ఉంటుంది.