కేస్ స్టడీకి కొలతలు పని మొదలయ్యే ముందే తీసుకోండి

ఇంటీరియర్ కేస్ స్టడీ రాసేటప్పుడు చాలామంది హ్యాండోవర్ అయ్యాక ఫోటోలు ముందేసుకుని కూర్చుంటారు. అప్పటికి పాత వంటగది చెత్తబండి ఎక్కేసి ఉంటుంది, పోల్చడానికి ఏమీ మిగలదు. అందుకే మొదటి సైట్ విజిట్‌లోనే టేపు తీయండి.

ఉదాహరణకి, "వంటగది ఇరుకు" అని క్లయింటు అన్నారనుకోండి. అది ఇంకా సమస్య కాదు, ఫిర్యాదు మాత్రమే. గట్టు మొత్తం 9 అడుగులు. మిక్సీ, గ్రైండరు, నీళ్ల క్యాన్ పోను కూరగాయలు తరగడానికి మిగిలింది 2 అడుగులే. ఇదీ సమస్య. గ్రైండరుకి కింద పుల్‌అవుట్, మిక్సీకి టాల్ యూనిట్ ఇచ్చాక ఖాళీ గట్టు 5 అడుగులైతే, అదీ ఫలితం. గోడ కదల్చలేదని కూడా రాయండి, చదివేవాళ్లకి ఖర్చు అంచనా దొరుకుతుంది.

ఫోటో రెండుసార్లూ ఒకే చోట, ఒకే ఎత్తు నుంచి తీయాలి. రెండోసారి కొలత మాత్రం హ్యాండోవర్ రోజున వద్దు, గట్టు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. మూడు నెలలు వండుకున్నాక వెళ్లి కొలవండి. అప్పుడు 4 అడుగులే ఉంటే 4 అనే రాయండి.