బండి పాములెక్క పోతుంటే: ప్యూర్ పర్‌స్యూట్‌లో లుక్‌అహెడ్, స్టీరింగ్ హద్దు

కాజీపేటలో ఒక పాత బాస్కెట్‌బాల్ కోర్టు. జూనియర్లు కారులాంటి చిన్న రోబోను తిప్పుతున్నారు. ముందు, వెనక ఇరుసుల మధ్య 0.32 మీటర్లు, వేగం సెకనుకు 1.5 మీటర్లు. "అన్నా, తిన్నగ గీత గీసినం, ఇది పాములెక్క పోతుంది" అని ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి మూలమలుపులో గోడకు కూడా ఒకసారి తగిలింది. ఈ రెండింటికీ కారణం వేర్వేరు.

సమస్య: తిన్నని దారిలో అటూ ఇటూ ఊగడం

దారి మీద కొంత ముందున్న బిందువుకు గురిపెట్టి స్టీరింగ్ తిప్పే పద్ధతే ప్యూర్ పర్‌స్యూట్. అందులో లుక్‌అహెడ్ అంటే వెనక ఇరుసు నుంచి మనం గురిపెట్టే బిందువు దాకా ఉన్న దూరం. వాళ్లు 0.5 మీటర్లు పెట్టారు. "దూరం తక్కువైతే ఊగుతుంది" అని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. నిజానికి ఎక్కడా ఆలస్యం లేకపోతే లుక్‌అహెడ్ ఎంత పెట్టినా ప్యూర్ పర్‌స్యూట్ తిన్నని దారిలో చక్కగానే కుదురుకుంటుంది. ఊగించేది ఆలస్యం.

దాన్ని కొలిచాం. బండిని ఒకే వేగంతో పోనిచ్చి, ఉన్నట్టుండి స్టీరింగ్‌కు 10 డిగ్రీల ఆదేశం పంపాం. గైరోలో తిరుగుడు సగానికి చేరడానికి 0.15 సెకన్లు పట్టింది. పొజిషన్ డేటా మరో 0.10 సెకన్లు పాతది. మొత్తం 0.25. అంటే మనం చెప్పింది చక్రాల్లో కనపడేలోపు బండి 0.375 మీటర్లు పోయింది. అర మీటరు ముందు గురిపెట్టి, అందులో ముప్పావు వంతు కళ్లు మూసుకొని నడిపినట్టే.

లెక్క వేస్తే, ఆలస్యంలో పోయే దూరానికి లుక్‌అహెడ్ దాదాపు రెండింతల కంటే తగ్గితే ఊగుడు పెరుగుతూనే పోతుంది. రెండింతలంటే గీత మీద నిలబడ్డట్టే, అందుకని నేను మూడింతలు పెడతాను. ఇక్కడ 1.1 మీటర్లు వచ్చింది. మార్చిన మొదటి రౌండులోనే ఊగుడు ఆగింది.

```python
# tau: మొత్తం ఆలస్యం, v: వేగం, L: ఇరుసుల మధ్య దూరం, Ld: లుక్‌అహెడ్
Ld = min(max(3 * tau * v, 0.5), 1.5)
# గురి బిందువు (x, y): వెనక ఇరుసు నుంచి
delta = math.atan2(2 * L * y, x*x + y*y)
```

కింది వరుసలో `Ld*Ld` బదులు అసలు దూరం వాడటం చూడండి. దారి బిందువులు ఎడంగా ఉంటే గురి సరిగ్గా `Ld` దూరంలో దొరకదు, స్టీరింగ్ గంతులేస్తుంది.

సమస్య: మలుపులో దారి తప్పడం

ముందు ఏ వైపు తప్పుతోందో చూడాలి. లోపలికి కోసుకుపోతే లుక్‌అహెడ్ ఎక్కువైందని అర్థం. పై కోడ్ వేగాన్ని బట్టి దాన్ని మారుస్తుంది కాబట్టి, మలుపుకు ముందే వేగాన్ని 0.6కు తగ్గిస్తే 0.5 మీటర్లకు వచ్చేస్తుంది.

మా బండి బయటికి పోతోంది. లాగ్‌లో స్టీరింగ్ గీత పైన బల్లపరుపుగా అయిపోయింది, తప్పు మాత్రం పెరుగుతూ పోయింది. స్టీరింగ్ తిప్పే సర్వో మోటారు మలుపులో సన్నగా గుయ్‌మంటోంది కూడా: స్టాపర్‌కు ఆనుకొని ఇంకా తోస్తోందన్నమాట. కోడ్‌లో `max_steer` 30 డిగ్రీలు. అది సర్వో తిరిగే కోణం, చక్రం తిరిగేది కాదు!

చక్రం ఎంత తిరుగుతుందో తెలుసుకోవడానికి కోణమానిని అక్కర్లేదు. వెనక టైర్లు తడిపి ముగ్గుపిండి అద్దాం, స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి మెల్లగా ఒక చుట్టు తిప్పాం. నేల మీద రెండు వలయాలు పడ్డాయి. లోపలిది అడ్డంగా 1.54 మీటర్లు, బయటిది 2.06. సగటు 1.8, అంటే వ్యాసార్ధం 0.9 మీటర్లు. 0.32ను 0.9తో భాగించి `atan` తీస్తే 19.6 డిగ్రీలే. ఎడమవైపు 0.8 మీటర్లు, 21.8 డిగ్రీలు వచ్చాయి. లింకేజీ సమానంగా లేదు.

30 డిగ్రీలు నమ్మి వాళ్లు 0.7 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు గీశారు. ఈ బండికి అది సాధ్యం కాదు, లుక్‌అహెడ్ ఎంత మార్చినా రాదు. హద్దును రెండు వైపులా 19 డిగ్రీలకు దించి, మలుపును 1.1 మీటర్లకు వెడల్పు చేశాం. టైరు జారుతుంది కాబట్టి కొంచెం ఎక్కువే ఉంచాలి.

ఇంకో చిక్కు. లుక్‌అహెడ్ తగ్గేకొద్దీ స్టీరింగ్ తొందరగా హద్దును తాకుతుంది. 0.9 మీటర్ల వ్యాసార్ధం కంటే ఇరుకుగా తిరగలేని బండికి లుక్‌అహెడ్ 0.5 పెడితే గురి 16 డిగ్రీలు పక్కకు ఉన్నా చాలు, హద్దు వచ్చేస్తుంది. 1.1 పెడితే దాదాపు 38 డిగ్రీల దాకా ఆగుతుంది. అందుకే నేను లుక్‌అహెడ్ కింది హద్దును 0.5 కంటే తగ్గనివ్వను.

సమస్య: ఊగదు, కానీ ఎప్పుడూ ఒక పక్కకే పోతుంది

ఇది సర్వో సున్నా సరిగ్గా లేకపోవడం. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 1.1 మీటర్ల లుక్‌అహెడ్ దగ్గర 3 సెంటీమీటర్ల పైన పక్కకు జరుగుతుంది, అది లుక్‌అహెడ్ వర్గంతో పెరుగుతుంది. ఊగుడు తగ్గాకే ఇది బయటపడుతుంది, అప్పుడు జనం కొత్త బగ్ వచ్చిందని టెన్షన్ పడతారు. ట్రిమ్ సరిచేస్తే పోతుంది.