నల్ల మలం ఐరన్ మాత్రల వల్లా, లోపలి రక్తం వల్లా? చూసి గుర్తుపట్టడం ఎలా

జీర్ణకోశ వ్యాధుల వార్డులో 16 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. రోగుల మలం ఎలా ఉందో చూసి చార్టులో రాయడం నా రోజువారీ పనుల్లో ఒకటి. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఒకటే. మలం నల్లగా వస్తుంటే "ఐరన్ మాత్రల వల్లేలే" అని ఇంట్లోనే తేల్చేసుకుని, నాలుగు రోజుల తర్వాత కళ్లు తిరిగి పడిపోయాక ఆసుపత్రికి వస్తారు. ఐరన్ నలుపు వేరు, రక్తపు నలుపు వేరు. ఆ తేడా ఎలా పట్టాలో చెబుతాను.

అయితే మలం తారులా ఉండి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, గుండె దడగా ఉన్నా, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడినా, రక్తం వాంతి అయినా కింద రాసినవేవీ చేస్తూ కూర్చోవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. బండి ఇంకొకరు నడపాలి.

1. వెలుతురు, కావలసినవి

చేతి తొడుగులు, వాడి పారేసే పుల్ల, తెల్ల టిష్యూ, సబ్బు చాలు. పసుపు బల్బు వెలుగులో చూడొద్దు, తెల్లని లైటు వేయండి. టాయిలెట్‌లో నీలిరంగు క్లీనర్ బిళ్ల ఉంటే ముందే తీసేయండి, అది ఏ రంగునైనా మార్చేస్తుంది. టిష్యూ తెల్లగానే ఉండాలి. రంగు టిష్యూ మీద చూశామని చెబితే నేను లెక్కలోకి తీసుకోను.

2. మాత్రల జాబితా

గత నాలుగైదు రోజుల్లో మింగినవన్నీ కాగితం మీద రాయండి. ఐరన్, బిస్మత్ ఉన్న కడుపు మందులు, బొగ్గు మాత్రలు మలాన్ని నల్లగా చేస్తాయి. బిస్మత్ పేగుల్లోని గంధకంతో కలిసి నల్లటి పదార్థంగా మారుతుంది, దానివల్ల ప్రమాదం లేదు. వీటి పక్కనే ఇంకో వరుసలో నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, రక్తం పలుచన చేసే మందులు రాయండి. ఈ రెండో వరుసలో ఒక్కటి ఉన్నా మొదటి వరుస చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

3. నలుపును పరీక్షించడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

రక్తస్రావం ఆసనం దగ్గర జరిగితే మలంలో ఎర్రగా కనిపిస్తుంది. అన్నవాహికలోనో, కడుపులోనో, చిన్నపేగు మొదటి భాగంలోనో జరిగితే ఆ రక్తం చాలా దూరం ప్రయాణించాలి. దారిలో కడుపులోని ఆమ్లం, పేగులోని బ్యాక్టీరియా హిమోగ్లోబిన్‌ను విరగ్గొడతాయి. చివరికి నల్లటి తారులా బయటికొస్తుంది. దీన్ని డాక్టర్లు మెలీనా అంటారు. 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు ఇలా రావడానికి. అంటే చిన్న టీ కప్పు కూడా నిండదు. అంత కొద్ది రక్తం పోతే మనిషికి ఏమీ తెలియదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు.

పుల్లతో శనగగింజంత మలం తీసి తెల్ల టిష్యూ మీద పలచగా రుద్దండి. ముద్దలో చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి, పలచబడిన అంచుల్లోనే అసలు రంగు బయటపడుతుంది. ఐరన్ వల్ల వచ్చిన నలుపైతే అంచులు ముదురు ఆకుపచ్చగా తేలతాయి. మలం గట్టిగా, రూపు కట్టి, మెరుపు లేకుండా ఉంటుంది. వాసన ఎప్పటిలాగే ఉంటుంది. రక్తపు నలుపైతే కొత్తగా వేసిన తారులా మెరుస్తుంది, పుల్ల ఎత్తితే జిగటగా సాగుతుంది, అంచుల్లో ముదురు ఎరుపు ఛాయ కనిపించవచ్చు. బేసిన్‌కు అతుక్కుని ఒక ఫ్లష్‌కు పోదు. వాసన మామూలు మలం వాసన కాదు, ఒకసారి ముక్కుకు తగిలిందంటే మర్చిపోలేరు. మా వార్డులో గది తలుపు తీయగానే మాకు తెలిసిపోతుంది.

ఇక జాగ్రత్తలు. ఆకుపచ్చ అంచు కనిపించినంత మాత్రాన రక్తం లేదని అనుకోవద్దు. ఐరన్, రక్తం రెండూ ఒకే మలంలో ఉండొచ్చు. మలబద్ధకం ఉన్నవాళ్లలో రక్తం కలిసిన మలం కూడా కాస్త గట్టిగానే రావచ్చు. కాబట్టి ఈ పరీక్షతో అనుమానం పెంచుకోవచ్చు కానీ పూర్తిగా తీసేసుకోలేము. ఐరన్ మొదలుపెట్టిన కొన్నాళ్లకు నలుపు స్థిరపడి రోజూ ఒకేలా ఉంటుంది. ఆ తీరు ఉన్నట్టుండి మారిందా అన్నది నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. ఐరన్ మాత్రలు అసలు ఎందుకు రాశారు? రక్తం తక్కువైందని. రక్తం ఎందుకు తక్కువైంది? కొందరిలో కడుపులోని పుండు నుంచి నెలల తరబడి కొద్దికొద్దిగా కారిపోవడం వల్లే. అలాంటప్పుడు నలుపుకు ఐరనే కారణమని అనుకుంటే అసలు జబ్బుకు ముసుగు వేసినట్టవుతుంది.

కొందరు మలం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, నురగ వస్తే రక్తం ఉన్నట్టే అంటారు. దయచేసి ఆ పని చేయకండి. మలంలోని బ్యాక్టీరియాలోనూ కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది, దానివల్ల ఆరోగ్యవంతుడి మలం మీద పోసినా నురగ వస్తుంది. ఫోన్‌లో ఫొటో తీసి బంధువులకు పంపి అభిప్రాయాలు అడగడం కూడా అంతే. ఫోన్ రంగుల్ని తనకు తోచినట్టు సరిచేస్తుంది, జిగటా వాసనా ఫొటోలో రావు. పుల్ల, టిష్యూ, ముక్కు ఈ రెండిటికంటే నమ్మదగినవి.

ల్యాబ్ పరీక్ష చేయించేటప్పుడూ ఒక మెలిక ఉంది. కనిపించని రక్తాన్ని పట్టే ఫిట్ అనే పరీక్ష పెద్దపేగు కోసం ఉద్దేశించింది. అది హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్ భాగాన్ని పడుతుంది. కడుపు నుంచి వచ్చే రక్తంలో ఆ ప్రొటీన్ దారిలోనే జీర్ణమైపోతుంది. అందుకే నల్ల మలం ఉన్నా ఫిట్ నెగెటివ్ రావచ్చు. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్లిపోకండి. నల్లగా జిగటగా వస్తుంటే కావలసింది డాక్టర్ చూడటం, హిమోగ్లోబిన్ పరీక్ష, ఆ తర్వాత ఎండోస్కోపీ.

మా వార్డులో చూసిన ఒక కేసు చెబుతాను. 58 ఏళ్ల ఆయన. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ రోజుకు రెండు, గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్, రక్తహీనతకు రెండు నెలలుగా ఐరన్. నీరసంగా ఉందని తీసుకొచ్చారు. "మలం నల్లగానే ఉంది సిస్టర్, కానీ అది రెండు నెలల నుంచీ అంతే" అన్నారు ఆయన భార్య.

"రెండు నెలల నుంచీ ఒకేలా ఉందామ్మా? ఈ వారంలో ఏమైనా మారిందా?" అని అడిగాను.

ఆమె కాసేపు ఆలోచించి, "మూడు రోజులుగా రోజుకు మూడుసార్లు వెళ్తున్నారు. బ్రష్‌తో రుద్దితే గానీ పోవట్లేదు" అన్నారు.

అదీ అసలు విషయం. పడుకున్నప్పుడు నాడి 88, నిలబెట్టగానే 116, కళ్లు తిరిగాయి. మొదటి హిమోగ్లోబిన్ 10.8 వచ్చేసరికి ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే పీల్చుకోకూడదు. రక్తం పోయేటప్పుడు కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కాబట్టి మొదటి గంటల్లో అంకె పెద్దగా తగ్గదు. శరీరం ద్రవాన్ని భర్తీ చేసుకున్నాకే నిజం బయటపడుతుంది. మరుసటి ఉదయం 8.1 ఉంది. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగంలో పుండు, దాని మీద రక్తపు గడ్డ కనిపించాయి. ఇంజెక్షన్ ఇచ్చి క్లిప్ వేశారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కూడా ఉందని తేలింది, దానికి రెండు వారాల మందులు రాశారు. నొప్పి మాత్రలు మాన్పించారు. ఆస్పిరిన్ సంగతి మాత్రం గుండె డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించారు. మీరైనా అంతే, దాన్ని సొంతంగా ఆపకండి.

క్లిప్ వేశాక కూడా ఆయనకు మూడు రోజులు నల్లగానే వచ్చింది. మళ్లీ రక్తం కారుతోందేమోనని చాలా టెన్షన్ పడ్డారు. పేగులో ముందే చేరిన రక్తం బయటికి రావడానికి అన్ని రోజులు పడుతుంది. నాడి, బీపీ, హిమోగ్లోబిన్ నిలకడగా ఉండి, మలం క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంటే అది పాత రక్తమే.

4. సుద్ద రంగులో వస్తే

మలానికి గోధుమ రంగు ఇచ్చేది పైత్యరసం. అందులోని బిలిరుబిన్‌ను పేగు బ్యాక్టీరియా గోధుమ రంగు పదార్థంగా మారుస్తుంది. ఆ రసం పేగులోకి రాకపోతే మలం సుద్దలా, తడి బంకమట్టిలా పాలిపోతుంది. అప్పుడు మూత్రం చూడండి. పేగులోకి పోవలసిన బిలిరుబిన్ రక్తంలోకి మళ్లి మూత్రాన్ని ముదురు టీ రంగులోకి మారుస్తుంది. పాలిన మలం, ముదురు మూత్రం, ఒళ్లు దురద, కళ్లు పచ్చబడటం కలిసి కనిపిస్తే పైత్యనాళానికి అడ్డు పడిందని అనుమానించాలి. అది రాయి కావచ్చు, క్లోమగ్రంథి తలభాగంలో గడ్డ కావచ్చు. కాలేయం వాపులోనూ ఇలా రావచ్చు. జ్వరం, చలి వణుకు కూడా ఉంటే నాళంలో ఇన్‌ఫెక్షన్ చేరి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బేరియం తాగి ఎక్స్‌రే తీయించుకున్నాక ఒకటి రెండు రోజులు తెల్లగా రావడం మాత్రం మామూలే.

పసిపిల్లల విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. పుట్టిన రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకుండా, మలం పాలిపోయి ఉంటే పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు ఉందేమో చూడాలి. దానికి కసాయ్ అనే సర్జన్ పేరుతో పిలిచే ఆపరేషన్ చేస్తారు, అది పుట్టిన 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. డైపర్‌లో మలం పాలిపోయి కనిపించిన రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

5. జిడ్డుగా వస్తే

మలం నీళ్లలో తేలితే కొవ్వు ఉన్నట్టేనని చాలామంది నమ్ముతారు. 1972లో లెవిట్, డ్వేన్ అనే పరిశోధకులు తేలే మలాన్ని ఒత్తిడికి గురిచేసి చూశారు. లోపలి గ్యాస్ కుదించుకుపోగానే అది మునిగింది. కాబట్టి తేలడాన్ని వదిలేసి జిడ్డును చూడండి. నీటి మీద నూనె మెరుపు, చుక్కలు, లేత రంగు, ఎక్కువ పరిమాణం, దుర్వాసన, ఎంత కడిగినా బేసిన్‌కు పట్టే జిడ్డు, వీటితో పాటు బరువు తగ్గడం ఉంటే కొవ్వు జీర్ణం కావట్లేదని అర్థం. బరువు తగ్గడానికి ఓర్లిస్టాట్ వాడేవాళ్లకు నూనె చుక్కలు రావడం ఆ మందు పనే.

అలాంటి మందేమీ లేకపోతే క్లోమగ్రంథి ఎంజైములు తగ్గాయా, పేగు గోడ దెబ్బతిందా, పైత్యరసం చాలట్లేదా అని డాక్టర్ చూస్తారు. క్లోమం కోసం ఎక్కువగా రాసేది మలంలో ఎలాస్టేజ్ పరీక్ష. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే ఎంజైముల లోపం ఉండొచ్చని అనుమానిస్తారు. నీళ్ల విరేచనాలు అవుతున్నప్పుడు నమూనా ఇవ్వొద్దు. నీరు కలిసి ఎంజైము పలచబడి, క్లోమం బాగున్నా అంకె తక్కువ వస్తుంది. మలం కాస్త గట్టిపడ్డాక తీసి ఇవ్వండి. ఆగడానికి వీల్లేకపోతే నీళ్లగా ఉందని ల్యాబ్ ఫారం మీద రాయించండి.